వేవిళ్లు వేరు, ఒంట్లో నీళ్లు అయిపోవడం వేరు

పోస్టు కొంచెం పెద్దది. ఇక్కడ గానీ ఊర్లో గానీ భార్య కడుపుతో ఉన్నోళ్లు ఓపిగ్గా కడదాకా చదవండి.

ఆడోళ్ల విషయం, నీకెందుకన్నా అని ఒకరిద్దరు కామెంట్ పెడతారని తెలుసు. ఊర్లో అయితే అమ్మ ఉంటుంది, అత్త ఉంటుంది, పక్కింటి పెద్దామె ఉంటుంది. ఇక్కడ మహబూలా ఫ్లాట్‌లో ఒక రూమ్ తీసుకుని ఉంటున్న మొగుడూ పెళ్లాలకు ఎవరున్నారు? ఆ పిల్లకు వాంతులైతే డ్యూటీ నుంచి వచ్చిన మొగుడే చూసుకోవాలి. చూడాలంటే ఏం చూడాలో తెలియాలి.

నీళ్ల సంగతి మాత్రం మనకు కొత్త కాదు. నేను సైట్ సూపర్‌వైజర్‌ని. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని బంద్ అని రూల్ ఉన్నా, పొద్దున 9కే కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లను చూశాను. సేఫ్టీ ట్రైనింగ్‌లో మనందరికీ ఒక కాగితం చూపిస్తారు కదా, మూత్రం రంగుల పట్టీ. లేత పసుపు ఉంటే మంచిది, టీ డికాక్షన్ రంగు వస్తే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు. బాత్రూమ్ తలుపు మీద అతికించిన ఆ కాగితమే కడుపుతో ఉన్న పిల్లకు కూడా పనికొస్తుంది. ఒకటే తేడా. మన కూలి తమ్ముడికి నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ తాపితే గంటలో లేస్తాడు. ఆ పిల్లకు తాపింది తాపినట్టు బయటికొస్తుంది. నోటి దారి మూసుకుపోయినప్పుడు నరం దారి తప్ప ఇంకోటి లేదు. ఆ దారి ఎప్పుడు పట్టాలి అన్నదే ఈ పోస్టు.

మా బిల్డింగ్‌లో జరిగింది చెప్తాను. పేర్లు వద్దు. రెండో అంతస్తులో రాయచోటి వైపు తమ్ముడు ఉంటాడు, స్టోర్ కీపర్. పోయిన ఎండాకాలంలో భార్యను ఫ్యామిలీ వీసా మీద తెచ్చుకున్నాడు. ఇరవై నాలుగేళ్ల పిల్ల. వచ్చిన కొన్నాళ్లకు నెల తప్పింది. మొదటిసారి ముస్తౌసఫ్‌కు పోయినప్పుడు బరువు చూస్తే 52 కిలోలు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఏడో వారంలో వాంతులు మొదలైనాయి. వారాలంటే కడపటి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. మామూలు వేవిళ్లు కూడా ఆ టైముకే వస్తాయి, ఆరో వారం అటూ ఇటూగా. తొమ్మిది, పది వారాలకు బాగా ఎక్కువవుతాయి. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి ఐదో నెలకల్లా చాలామందికి పోతాయి. మొదటి పది రోజులు ఈ పిల్లకు అలాగే ఉండింది. పొద్దున రెండు సార్లు వాంతి, మధ్యాహ్నానికి మజ్జిగన్నం తినేది, సాయంత్రం నిమ్మకాయ నీళ్లు తాగేది, అది లోపల నిలిచేది. అది వేవిళ్లు. బాధే కానీ ఆసుపత్రి పని కాదు. కొంచెం కొంచెంగా తినడం, కడుపు ఖాళీగా ఉంచకుండా లేవంగానే రెండు బిస్కెట్లు, పడని వాసనకు దూరంగా ఉండడం, డాక్టరు ఇచ్చిన మాత్ర. దాంతో గడిచిపోతుంది.

తర్వాత మారిపోయింది. రోజుకు ఎనిమిది, పది సార్లు వాంతి. మధ్యలో ఉత్త డోకులు, ఏమీ రాదు, పొట్ట మెలిపెట్టుకుంటుంది అంతే. పక్క రూమ్‌లో చేపలు వేయిస్తే వాంతి, ఏసీ గాలి వాసనకు వాంతి. ఉమ్మి కూడా మింగలేక పక్కన గ్లాసు పెట్టుకుని ఉమ్మేది. నీళ్లు తాగిన పది నిమిషాలకు నీళ్లే బయటికి. తమ్ముడు రోజూ ఊరికి ఫోన్ చేస్తా ఉన్నాడు. వాళ్లమ్మ, "మేమంతా కనలేదా నాయనా, నీళ్లోసుకున్న పిల్లకు వాంతులు గాక ఏముంటాయి" అని చెప్తా ఉంది. ఆమె తప్పు కాదు. ఆమె చూసింది వేవిళ్లనే. ఎక్కువ మంది జీవితంలో చూసేది అదే. ఈ రెండో రకం వందమంది గర్భిణుల్లో ఏ ఒకరికో ముగ్గురికో వస్తుంది. దాని పేరు హైపరెమెసిస్ గ్రావిడారం. నోరు తిరగకపోతే "హైపరెమెసిస్" అన్నా డాక్టర్లకు అర్థమవుతుంది.

తమ్ముడు ఒక రోజు ఆ పిల్లను దగ్గర్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయాడు. వాళ్లు ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పంపించారు. రెండు గంటలు మొహం కొంచెం తేటగా ఉండింది, రాత్రికి మళ్లీ అదే. గ్లూకోజ్ బాటిల్ మాట మళ్లీ కిందికి వస్తుంది, దానికి పెద్ద కథ ఉంది.

మూడో అంతస్తులో నెల్లూరు వైపు నర్సు అక్క ఉంటుంది, ఆసుపత్రిలో ప్రసూతి వార్డు డ్యూటీ. ఆమె నైట్ డ్యూటీ దిగి పడుకుని ఉంటే లేపి కిందికి తీసుకొచ్చాం. ఆమె "ఎన్ని వాంతులైనాయి" అని మొదట అడగలేదు. "నిన్న ఈ టైము నుంచి ఏమైనా లోపల నిలిచిందా అమ్మా, ఒక గ్లాసు నీళ్లన్నా?" అని అడిగింది. లేదు. "ఒంటికి ఎప్పుడు పోయినావు?" పొద్దున లేచినప్పుడు కొంచెం, టీ రంగులో. అప్పటికి సాయంత్రం 4 గంటలు, అంటే ఎనిమిది గంటలు దాటింది. తర్వాత తూకం మీద నిలబెట్టింది. 49. తర్వాత మెల్లగా మంచం మీద నుంచి లేపింది. లేచి నిలబడంగానే పిల్లకు కళ్లు చీకట్లు కమ్మి గోడ పట్టుకుంది.

అక్క అక్కడే లెక్క చెప్పింది. కడుపు రాకముందు బరువులో వందకు ఐదు వంతులు పోతే అది వేవిళ్లు కాదు. 52కు ఐదు వంతులంటే 2 కిలోల 600 గ్రాములు. ఈ పిల్ల 3 కిలోలు పోగొట్టుకుంది, అదీ రెండు వారాల్లో. మీరు కూడా ఇట్లా వేసుకోవచ్చు. 50 కిలోల మనిషికి రెండున్నర, 60 కిలోల మనిషికి మూడు. అందుకే నెల తప్పిందని తెలిసిన రోజే ఒకసారి తూకం చూసి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మొదటి అంకె లేకపోతే ఎంత తగ్గిందో ఎవరు చెప్తారు? చూసేది కూడా ఒకే తూకం మీద, పొద్దున పూట చూడండి.

"వాంతుల లెక్క ఎందుకు అడగలేదక్కా?" అని నేనే అడిగాను. ఆమె చెప్పిన మాట నాకు బాగా పట్టింది. ఆరు సార్లు వాంతి చేసుకుని మధ్యలో లీటరున్నర నిలుపుకునే పిల్ల ఇంట్లో ఉండొచ్చు. మూడే సార్లు వాంతి చేసుకున్నా ఒక్క గుక్క నిలవని పిల్ల ఉండకూడదు. వాంతి ఎంత అన్నదాని కంటే ఏం నిలిచింది, ఎంత బయటికి పోసింది అన్నది చూడాలి. సైట్‌లో ట్యాంకర్ లెక్క లాంటిదే, ఎంత వచ్చింది, ఎంత పోయింది, ట్యాంకులో ఎంత ఉంది.

కాబట్టి ఆసుపత్రి ఎప్పుడంటే, ఒక పూర్తి రోజు తిన్నదీ తాగిందీ ఏదీ నిలవకపోతే ఆ రోజే. ఎనిమిది గంటలు మూత్రం రాకపోతే, లేదా చాలా ముదురు రంగులో వస్తే ఆ పూటే. నిలబడితే కళ్లు తిరుగుతుంటే, వాంతిలో రక్తం కనిపిస్తే, ఇంక గంటలు లెక్కపెట్టొద్దు. ఇవన్నీ కలిసి రావాలని లేదు, ఒక్కటి చాలు. ఇంకొకటి కూడా చెప్పింది అక్క. జ్వరం, మూత్రంలో మంట, గట్టిగా కడుపు నొప్పి ఉన్నా, లేకపోతే మూడు నెలలు బాగుండి అప్పుడు కొత్తగా వాంతులు మొదలైనా, అది కడుపు వల్ల కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, అపెండిక్స్, థైరాయిడ్ లాంటివి దాని చాటున దాక్కుంటాయి. వాటికి కూడా డాక్టరే కావాలి.

ఆ సాయంత్రమే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం. పోయేటప్పుడు ఆ పిల్ల సివిల్ ఐడి, పెళ్లి సర్టిఫికెట్, పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల పట్టీ పెట్టుకున్నాం. మన వైపు వాళ్లకు పెద్ద సర్కారు ఆసుపత్రి అదాన్. మనిషి నడవలేని స్థితిలో ఉంటే 112కు ఫోన్ చేయండి, అంబులెన్స్ వస్తుంది. అరబీ రాకపోతే "హామిల్" అనండి, గర్భిణి అని అర్థం, ఆ ఒక్క మాట వింటే ముందుకు పంపుతారు.

లోపల ఏం చేశారంటే, పడుకోబెట్టి ఒకసారి, లేపి ఒకసారి బీపీ చూశారు. నాడి నిమిషానికి 118 కొడతా ఉంది. రక్తం తీసుకుని సోడియం, పొటాషియం, కిడ్నీ చూశారు. పొటాషియం 2.9 వచ్చింది, అది 3.5 కంటే పైన ఉండాలి. వాంతుల్లో తగ్గిపోయే ఉప్పు అది, బాగా తగ్గితే గుండె కొట్టుకోవడమే గాడి తప్పుతుంది. మూత్రం పరీక్షకు పంపారు. స్కాన్ చేశారు, ఎందుకంటే కవలలుంటే, లేదా పిండం సరిగ్గా ఏర్పడక ముత్యాల గర్భం అయితే కూడా వాంతులు విపరీతంగా ఉంటాయి. ఇక్కడ ఒకటే బిడ్డ, గుండె బాగా కొట్టుకుంటా ఉంది. అది చూసినాకనే తమ్ముడు కుర్చీలో కూర్చున్నాడు.

ఇప్పుడు గ్లూకోజ్ బాటిల్ కథ. మన జనానికి ఎక్కించే ప్రతి బాటిలూ గ్లూకోజే. నీరసమా, గ్లూకోజ్ పెట్టండి. ఊర్లో ఆర్ఎంపీ దగ్గరికి పోయి మనమే అడిగి ఎక్కించుకుంటాం. కానీ ఆ రాత్రి వార్డులో ముందు ఎక్కించింది గ్లూకోజ్ కాదు. మొదట ఒక విటమిన్, బి1, దాన్నే థయమిన్ అంటారు. తర్వాత సెలైన్, అంటే ఉప్పు నీళ్ల బాటిల్. రక్తం రిపోర్టు వచ్చినాక అందులోనే పొటాషియం కలిపి నిదానంగా ఎక్కించారు. పొటాషియం తొందరగా పోతే ప్రమాదం, అందుకే ఇంట్లోనో మెడికల్ షాపు వెనక గదిలోనో చేసే పని కాదు ఇది.

బి1 ఎందుకు ముందు? మన ఒంట్లో బి1 నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. పాలిష్ బియ్యం తినే మనకు అసలే తక్కువ. రెండు మూడు వారాలు ఏమీ తినని పిల్లకు అది అడుగంటి ఉంటుంది. చక్కెరను ఒళ్లు వాడుకోవాలంటే బి1 కావాలి. బి1 లేని ఒంట్లోకి గ్లూకోజ్ గుమ్మరిస్తే, మిగిలిన ఆ కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బ తింటుంది. దానికి వెర్నికీ అని ఒక జబ్బు పేరు చెప్పింది అక్క. కళ్లు నిలకడగా ఉండవు, ఒకటి రెండుగా కనపడతాయి, నడిస్తే తూలుతుంది, మాట తికమకగా ఉంటుంది. వాంతుల పిల్లలో ఇందులో ఏ ఒక్కటి కనిపించినా నీరసం అనుకోకుండా ఎమర్జెన్సీకి పోవాలి. టైముకు బి1 పడకపోతే ఆ నష్టం మళ్లీ తిరిగి రాకపోవచ్చు.

అందుకని ఎక్కడ బాటిల్ పెట్టించినా, మహబూలాలో అయినా పులివెందులలో అయినా, ఈ ఒక్క మాట అడగండి: "సార్, చాలా రోజుల నుంచి ఏమీ తినలేదు, గ్లూకోజ్ పెట్టే ముందు బి1 ఇచ్చారా?" తెలిసిన డాక్టరుకు కోపం రాదు.

ఇంకో మాట. కొన్ని చోట్ల మూత్రంలో కీటోన్లు చూసి, లేవు కాబట్టి ఇంటికి పొమ్మంటారు. కీటోన్లంటే తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుందని గుర్తు, నీళ్లు తగ్గాయా లేదా అని చెప్పేది కాదు. 2024లో బ్రిటన్ ప్రసూతి డాక్టర్ల కాలేజీ వాళ్లు ఇదే రాశారు, కీటోన్లను బట్టి జబ్బు ఎంత తీవ్రమో తేల్చొద్దని. పిల్ల నిలబడలేకపోతుంటే, ఒక్క గుక్క నిలవకుంటే, కీటోన్లు లేవన్న మాట విని బయటికి రావద్దు. బరువు అంకె, మూత్రం గంటలు చెప్పి మళ్లీ అడగండి.

ఆ రాత్రి మొదటి లీటరు రెండు గంటల్లో పోయింది, తర్వాతవి నిదానంగా. వాంతి ఆగే ఇంజెక్షన్ కూడా నరానికే ఇచ్చారు, మాత్ర అయితే కడుపులో నిలవదు కదా. తెల్లవారుజామున 2 గంటలకు ఆ పిల్ల బాత్రూమ్‌కు పోయి వచ్చింది. నర్సులు దానికోసమే చూస్తా ఉన్నారు. నీళ్లు సరిపోతున్నాయని అదే గుర్తు. పొద్దునకు నాడి 90కి దిగింది. కదలకుండా పడుకుని, నీళ్లు తగ్గి ఉన్న గర్భిణికి కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుందని దానికి కూడా ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. రెండో రోజు చెంచాతో నీళ్లు, తర్వాత ఎండు రొట్టె. రెండు రాత్రులు ఉంచి పంపించారు.

సెలైన్ మందు కాదు అన్నది కూడా తెలుసుకోవాలి. అది పోయిన నీళ్లు మళ్లీ పోయడమే. వాంతులు పుట్టే కారణం అక్కడే ఉంటుంది. అందుకే ఇంటికి పంపేటప్పుడు మాత్రలు ఇచ్చారు, వాంతి వచ్చినాక వేసుకునేది కాదు, టైము ప్రకారం వేసుకోవాలి. పదో రోజుకు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి తమ్ముడు ఎవరినీ అడగలేదు. ఫోన్‌లో రాసుకున్నది చూశాడు, పొద్దున 6 నుంచి మూత్రం లేదు, మధ్యాహ్నం 2 గంటలకు ఆసుపత్రిలో ఉన్నాడు. తొందరగా పోయినందుకు ఆరు గంటల్లో బాటిళ్లు ఎక్కించి అదే రాత్రి ఇంటికి పంపారు.

అసలు కారణం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "మనసులో ఉంది", "సుఖానికి అలవాటు పడింది", "కడుపులో ఫలానా బిడ్డ ఉంటే ఇంతే" అని ఆ పిల్ల చెవిలో పడేట్టే మాట్లాడినోళ్లు మా బిల్డింగ్‌లోనే ఉన్నారు. 2023 డిసెంబరులో శాస్త్రవేత్తలు బయటపెట్టారు, మాయ నుంచీ బిడ్డ నుంచీ తల్లి రక్తంలోకి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోన్ దీనికి పెద్ద కారణం అని. కడుపు రాకముందు ఎవరి ఒంట్లో అది తక్కువగా ఉంటుందో, వాళ్లకు ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేక వాంతులు ఎక్కువ. ఆ పరిశోధన ముందు నిలబడి నడిపిన మార్లీనా ఫెజ్జో గారు తానే ఈ జబ్బు పడిన మనిషి. లండన్ రాజు కోడలు కేట్ 2012 డిసెంబరులో ఇదే జబ్బుతో ఆసుపత్రిలో చేరింది. రాజుగారింట్లో ఆమెకు పొగరని ఎవరూ అనలేదు.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. సెలవు మీద ఊరికి పోయి భర్త దగ్గర ఉండి వచ్చి, ఇక్కడికి వచ్చినాక నెల తప్పిందని తెలిసినోళ్లు ఉంటారు. మామకు చెప్తే ఏమంటుందో అని బాత్రూమ్‌లో కొళాయి తిప్పి వాంతి చేసుకుంటా పని చేస్తారు. చెప్పడం లేటైనా పర్వాలేదు, పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటి వచ్చినా ఆసుపత్రి లేటు కాకూడదు. పెళ్లి సర్టిఫికెట్ ఫోటో ఊరి నుంచి వాట్సాప్‌లో తెప్పించుకుని ఫోన్‌లో పెట్టుకోండి.

ఇంక ఊర్లో భార్య ఉన్న తమ్ముళ్లు. వీడియో కాల్‌లో "ఎట్లున్నావు" అంటే ఆ పిల్ల అత్త పక్కన కూర్చుని "బాగున్నా" అనే చెప్తుంది. అట్లా అడగొద్దు. నిన్న రాత్రి నుంచి ఏం నిలిచింది అని అడగండి. ఒంటికి ఎన్ని గంటలకు పోయినావు, ఏ రంగు అని అడగండి. పోయిన ఆదివారం బరువెంత, ఈ ఆదివారం ఎంత అని అడగండి. లేచి నిలబడి నాలుగు అడుగులు వేసి చూపించు అనండి, ఫోన్ ఎదురుగా పెట్టమనండి. తూలితే, గోడ పట్టుకుంటే, మీరే ఇంట్లో వాళ్లకు చెప్పి 108 పిలిపించండి. ఆర్ఎంపీ బాటిల్ కాదు, రక్తం పరీక్ష, స్కాన్ ఉన్న ఏరియా ఆసుపత్రికి పంపించండి.

మా తమ్ముడి భార్యకు పదిహేడో వారంలో వాంతులు సగానికి తగ్గినాయి. మొన్న తూకం చూస్తే 54. ఉప్మా తింటా ఉంది, చేపల వాసన మాత్రం ఇంకా పడటం లేదంట.